కే-మీన్స్ గ్రూప్‌లో పడింది రోలా, టీమా? (పర్ 90 నంబర్లతో ప్లేయర్లని విడగొట్టడం గురించి)

ప్రశ్న: అన్నా, స్టాట్స్‌బాంబ్ ఫ్రీ డేటాలో 2015-16 ప్రీమియర్ లీగ్ సీజన్ మొత్తం తీసుకుని అందరికీ పర్ 90 నంబర్లు లెక్కేసి కే-మీన్స్ రన్ చేశా. కే 8 పెడితే సిల్హౌట్ స్కోర్ చాలా తక్కువ, 2 పెడితే బాగా వస్తోంది. కాంటే పడిన గ్రూప్‌లో మిగతావాళ్లు దాదాపు అందరూ టేబుల్ కింద ఉన్న టీమ్‌ల మిడ్‌ఫీల్డర్లే. ఈ గ్రూప్‌లు కరెక్టో కాదో ఎలా తెలుసుకోవాలి?

సమాధానం:

తమ్ముడూ, నీ ప్రశ్నలో అసలు విషయం సిల్హౌట్ స్కోర్ కాదు, ఆ కాంటే సంగతే, నువ్వు దాన్ని గమనించావంటే సగం పని అయిపోయినట్టే. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా.

ఆ సీజన్‌లో లీసెస్టర్ 81 పాయింట్లతో టైటిల్ గెలిచింది కానీ బాల్ మాత్రం ఎక్కువ టైమ్ అవతలివాళ్ల దగ్గరే ఉండేది, వెనక్కి కూర్చుని బాల్ లాక్కుని మహ్రెజ్‌కో వార్డీకో పంపించడం వాళ్ల పద్ధతి. టాకిల్ వెయ్యాలంటే ముందు అవతలివాడి దగ్గర బాల్ ఉండాలి కదా. అంటే 90 నిమిషాలకి ఇన్ని టాకిల్స్ అని లెక్కేస్తే, దాంట్లో కాంటే ఎలాంటి ప్లేయర్ అన్న సమాచారం కొంత, లీసెస్టర్ ఎలాంటి టీమ్ అన్న సమాచారం కొంత, రెండూ కలిసిపోయి ఉంటాయి. కే-మీన్స్‌కి ఆ రెండూ వేరు అని తెలీదు, దానికి దూరం ఒక్కటే తెలుసు. బాల్ లేని టీమ్‌లో ఆడేవాళ్లందరికీ టాకిల్స్, ఇంటర్‌సెప్షన్లు, క్లియరెన్స్‌లు ఎక్కువ, పాస్‌లు తక్కువ ఉంటాయి, కాబట్టి వాళ్లంతా ఒకచోట చేరతారు. ఆ గ్రూప్‌కి మనం "బాల్ విన్నింగ్ మిడ్‌ఫీల్డర్" అని పేరు పెట్టేస్తాం, నిజానికి అది "బాల్ లేని టీమ్‌లో మిడ్‌ఫీల్డర్" అయ్యుండొచ్చు.

నాకు ఇది గట్టిగా తగిలింది ఒకసారి. ఒక క్లబ్‌కి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ల లిస్ట్ తయారుచేసిచ్చాను, వాళ్ల కోచ్ లిస్ట్ పైనుంచి కిందకి ఒక్కసారి చూసి "వీళ్లంతా కింద నుంచి ఐదారు టీమ్‌ల వాళ్లే కదా, మేము ఆడేదేమో బాల్ పెట్టుకుని ఆడే ఆట" అన్నాడు. నెలరోజుల పని, ఆయనకి పది సెకన్లు పట్టింది తప్పు పట్టుకోవడానికి. అప్పటి నుంచి ఏ క్లస్టరింగ్ చేసినా నేను మొదట చూసేది ప్రతి గ్రూప్‌లో టీమ్‌లు ఎలా పంచుకుని ఉన్నాయి అనే.

కానీ ఇంకో వైపు కూడా చూడు. కింద టీమ్‌ల వాళ్లతో కలిశాడు కాబట్టి తప్పే అని కూడా తీర్మానించకూడదు. అదే సీజన్‌లో ఆస్టన్ విల్లా 17 పాయింట్లతో ఆఖరి స్థానంలో దిగిపోయింది, ఆ టీమ్‌లో ఇద్రిస్సా గుయే ఉన్నాడు, టాకిల్స్‌లో లీగ్ మొత్తంలో పైన ఉన్నవాళ్లలో ఒకడు. కాంటే, గుయే పక్కపక్కన పడితే అది టీమ్ వల్లా, రోల్ వల్లా? తర్వాత ఏం జరిగిందో మనకి తెలుసు, 2016లో కాంటే చెల్సీకి, గుయే ఎవర్టన్‌కి వెళ్లారు, ఇద్దరూ కొత్త టీమ్‌లో కూడా టాకిల్స్‌లో లీగ్ పైవరసలోనే ఉన్నారు, చెల్సీ అయితే ఆ ఏడాది టైటిల్ కూడా గెలిచింది. అంటే ఈ ఇద్దరి పోలిక నిజమైనదే. కాబట్టి నీకు కావాల్సిన చెక్ ఇది: గుయే లాంటివాడు కాంటే పక్కన ఉండిపోవాలి, కేవలం టీమ్ వల్ల వచ్చినవాళ్లు పక్కకి వెళ్లిపోవాలి. మిగతా అంతా దీని చుట్టూనే చెప్తా.

ముందు టేబుల్‌లో ఎవరిని ఉంచాలో చూడు. అందరు ప్లేయర్లనీ కలిపేశా అన్నావు, అందుకే కే 2 దగ్గర సిల్హౌట్ బాగా వచ్చింది. డిఫెన్స్ వైపు వాళ్లు ఒకటి, అటాక్ వైపు వాళ్లు ఒకటి, అది నీకు ముందే తెలిసిన విషయం, టీమ్ షీట్ చూస్తే చాలు. ఆ పెద్ద తేడా ఉన్నంతసేపూ మిడ్‌ఫీల్డర్ల మధ్య ఉన్న చిన్న తేడాలు కనబడవు. గోల్‌కీపర్లని ఎలాగూ తీసెయ్, తర్వాత సెంట్రల్ మిడ్‌ఫీల్డర్లని మాత్రమే తీసుకుని ఒక క్లస్టరింగ్, ఫుల్‌బ్యాక్‌లకి వేరే క్లస్టరింగ్, ఇలా విడివిడిగా చెయ్. మిడ్‌ఫీల్డ్‌లో టీమ్‌కి ఐదారుగురు చొప్పున వందా నూటిరవై వరసలు వస్తాయి, వాటికి ఎనిమిది గ్రూప్‌లు అంటే గ్రూప్‌కి పదిహేను మందికి మించి ఉండరు. నాలుగైదు చాలు.

నిమిషాల కటాఫ్ ఎంత పెట్టావో చెప్పలేదు. ఇక్కడ చిన్న లెక్క చేద్దాం, ఎందుకంటే ఈ నంబర్ చాలామంది గుడ్డిగా పెడతారు. ఒకడి అసలు రేటు 90 నిమిషాలకి 2 టాకిల్స్ అనుకో. టాకిల్స్ ఇంచుమించు పాయిసాన్ లాగా వస్తాయనుకుంటే, 180 నిమిషాలు ఆడినవాడికి సగటున 4 రావాలి, అటూఇటూ ఊగేది దాని వర్గమూలం అంత, అంటే 2. దాన్ని మళ్లీ రెండు 90లతో భాగిస్తే పర్ 90లో 1 అటూఇటూ. అంటే వాడి నంబర్ 1 అని కనబడొచ్చు, 3 అని కనబడొచ్చు, రెండూ మామూలే. 900 నిమిషాలకి సగటు 20, ఊగేది దాదాపు 4.5, పర్ 90లో 0.45. 1800 నిమిషాలకి అది 0.32కి దిగుతుంది. మిడ్‌ఫీల్డర్ల మధ్య నిజమైన తేడాయే ఒకటీ ఒకటిన్నర టాకిల్స్ ఉంటుంది కాబట్టి 180 నిమిషాలవాణ్ణి టేబుల్‌లో పెడితే వాడు రోల్ వల్ల కాదు, అదృష్టం వల్ల ఏదో ఒక మూలకి వెళ్తాడు. అలాంటి విపరీతమైన వరస ఒకటి ఉంటే కే-మీన్స్ దానికోసం ఒక గ్రూప్ మొత్తం ఖర్చు పెట్టేస్తుంది, ఎందుకంటే అది దూరాల వర్గాల మొత్తాన్ని తగ్గించడానికే చూస్తుంది. నీ ఎనిమిదింటిలో ఒకళ్లో ఇద్దరో మాత్రమే ఉన్న గ్రూప్ ఉంటే ముందు వాళ్ల నిమిషాలు చూడు. నేనైతే 900 కింద తీసుకోను. గోల్స్, త్రూ బాల్స్ లాంటి అరుదైనవాటికి 900 కూడా సరిపోదు, వాటిని మిడ్‌ఫీల్డర్ల క్లస్టరింగ్‌లో అసలు పెట్టను.

ఇంకొకటి, ప్లేయర్‌కి ఒక వరస అని కాకుండా ప్లేయర్, పొజిషన్ కలిపి ఒక వరస చెయ్. లివర్‌పూల్‌లో ఎమ్రే జాన్‌ని చూడు, సీజన్ మొదట్లో రోజర్స్ ఉన్నప్పుడు కొన్ని మ్యాచ్‌లు ముగ్గురు డిఫెండర్ల లైన్‌లో ఆడాడు, 2015 అక్టోబర్‌లో క్లాప్ వచ్చాక మిడ్‌ఫీల్డ్‌లో స్థిరపడ్డాడు. రెండూ కలిపి సగటు తీస్తే ఆ నంబర్లు ఉన్న మనిషి అసలు లేనే లేడు. `sb.lineups` లో ప్రతి ప్లేయర్‌కీ ఏ పొజిషన్‌లో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నాడో ఉంటుంది, నిమిషాలు కూడా అక్కడి నుంచే తీసుకో.

```python
from statsbombpy import sb
m  = sb.matches(competition_id=2, season_id=27)
ev = sb.events(match_id=m.match_id.iloc[0])
lu = sb.lineups(match_id=m.match_id.iloc[0])
```

ఇప్పుడు అసలైన మార్పు, 90 నిమిషాలతో భాగించడం ఆపి అవకాశంతో భాగించడం. పర్ 90 అంటే గడియారంతో భాగించడం, కానీ డిఫెండింగ్ పనికి గడియారం కొలమానం కాదు, అవతలివాళ్ల దగ్గర బాల్ ఎంతసేపు ఉంది అనేది కొలమానం. ఉదాహరణకి ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు అనుకుందాం. మొదటివాడి టీమ్‌కి 43 శాతం పొజెషన్, 90కి 4 టాకిల్స్. రెండోవాడి టీమ్‌కి 60 శాతం, 90కి 3 టాకిల్స్. పర్ 90 చూస్తే మొదటివాడే ఎక్కువ. కానీ మొదటివాడికి అవతలివాళ్ల బాల్ 57 శాతం దొరికింది, రెండోవాడికి 40 శాతమే. ఇద్దరినీ 50 శాతానికి తెస్తే మొదటివాడికి 4 × 50 / 57, అంటే 3.5. రెండోవాడికి 3 × 50 / 40, అంటే 3.75. వరస తిరగబడింది. నీ టేబుల్‌లో ఆర్సెనల్, మాంచెస్టర్ సిటీ, లీసెస్టర్, వెస్ట్ బ్రామ్ అన్నీ ఒకేచోట ఉన్నాయి, ఇలాంటి తిరగబడ్డ జతలు ఎన్ని ఉంటాయో ఊహించుకో.

డేటాలో దీన్ని ఇంకా బాగా చెయ్యొచ్చు, ఈవెంట్స్ నీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి శాతాల అవసరం లేదు. ఆ ప్లేయర్ గ్రౌండ్‌లో ఉన్న టైమ్‌లో అవతలి టీమ్ వేసిన పాస్‌లు లెక్కపెట్టి (`type` కాలమ్‌లో `Pass`, టీమ్ అవతలిది), ప్రతి 100 పాస్‌లకి ఎన్ని టాకిల్స్, ఇంటర్‌సెప్షన్లు, ప్రెషర్లు అని తీయి. టాకిల్స్ విడిగా ఒక ఈవెంట్ కాదు, `Duel` కింద `duel_type` లో `Tackle` అని ఉంటాయి, ఇది మర్చిపోతే ఏరియల్ ఓడిపోయినవి కూడా కలిసిపోతాయి. ఇక్కడే ఇంకో మాట, కాంటేకి ఆ సీజన్‌లో 37 మ్యాచ్‌ల్లో 175 టాకిల్స్ అని అప్పట్లో అందరూ రాసింది ఆప్టా లెక్క, స్టాట్స్‌బాంబ్ నిర్వచనం వేరు కాబట్టి నీకు ఆ నంబర్ రాకపోతే కోడ్ తప్పని కంగారుపడకు.

బాల్ ఉన్నప్పటి పనికి కూడా ఇదే సూత్రం. పాస్‌లు 90కి ఎన్ని అని కాకుండా, అతను గ్రౌండ్‌లో ఉన్నప్పుడు తన టీమ్ వేసిన పాస్‌ల్లో అతని వాటా ఎంత అని తీయి. షాట్‌కి దారితీసిన పాస్‌లు (`pass_shot_assist`, ఆ షాట్ గోల్ అయితే `pass_goal_assist`), బాక్స్‌లోకి వేసిన పాస్‌లు, ముందుకు వేసినవి, ఇవన్నీ అతని సొంత 100 పాస్‌లకి ఎన్ని అని తీయి. అప్పుడు "ఎక్కువ బాల్ ముట్టుకుంటాడా" అన్నది ఒక కాలమ్‌లో, "ముట్టుకున్నప్పుడు ఏం చేస్తాడు" అన్నది మిగతా కాలమ్స్‌లో విడివిడిగా ఉంటాయి. రోల్ అంటే ఎక్కువగా ఆ రెండోదే.

అయితే భాగించడంలో కూడా ఒక ప్రమాదం ఉంది. అవతలివాళ్లకి రెండింతలు బాల్ ఉంటే టాకిల్స్ కూడా రెండింతలు అవుతాయి అని మనం అనుకుంటున్నాం, నిజానికి అలా అవ్వదు. బాగా వెనక్కి కూర్చునే టీమ్ అవతలి సెంటర్ బ్యాక్‌లని సగం గ్రౌండ్‌లో తీరిగ్గా పాస్‌లు వేసుకోనిస్తుంది, ఆ పాస్‌లు లెక్కలో పడతాయి కానీ అక్కడ టాకిల్ వేసే ఉద్దేశమే ఎవరికీ లేదు. దాంతో కింద టీమ్‌ల వాళ్ల నంబర్ అన్యాయంగా తగ్గిపోతుంది. ఇది జరిగిందా లేదా తేల్చుకోవడం తేలికే, సర్దిన తర్వాత ఒక్కో టీమ్ మిడ్‌ఫీల్డర్ల సగటు తీసి, టీమ్ పొజెషన్‌తో కోరిలేషన్ చూడు. సర్దకముందు అది మైనస్ వైపు గట్టిగా ఉంటుంది. సర్దాక సున్నా దగ్గరకి రావాలి. ప్లస్ వైపు గట్టిగా తిరిగిపోతే ఎక్కువ సర్దేశావని అర్థం, అప్పుడు అవతలివాళ్ల పాస్‌లన్నీ కాకుండా వాళ్లు తమ గోల్ దగ్గర వేసిన పాస్‌లు వదిలేసి మిగతావే లెక్కపెట్టు. స్టాట్స్‌బాంబ్ గ్రౌండ్ పొడవు 120, ప్రతి టీమూ తను ఎటాక్ చేసే వైపు 120 ఉండేలా రాస్తారు కాబట్టి, పాస్ వేసేవాడి `location` లో మొదటి నంబర్ 48 దాటినవి తీసుకుంటే ఆ తీరిక పాస్‌లు చాలావరకు పోతాయి. ఇరవై టీమ్‌లే కాబట్టి కోరిలేషన్ ఒక్కటే నమ్మకుండా చుక్కలు గీసి కంటితో కూడా చూడు.

కాలమ్స్ విషయం కొంచెం త్వరగా చెప్పేస్తా. స్కేల్ చెయ్యకపోతే ఏమవుతుందంటే, ఒకడు 70 పాస్‌లు ఇంకొకడు 50, తేడా వర్గం 400, టాకిల్స్ 4కీ 1కీ తేడా వర్గం 9, మొత్తం 409లో 400 పాస్‌లదే, టాకిల్స్ ఉన్నా లేనట్టే. `StandardScaler` తో ఇది పోతుంది. కానీ దాంతో పోనిది ఇంకోటుంది, పాస్‌లు, పూర్తయిన పాస్‌లు, టచ్‌లు, అందుకున్న బాల్స్ నాలుగూ పెట్టావంటే నాలుగూ చెప్పేది ఒకటే విషయం, కే-మీన్స్‌కి అది నాలుగుసార్లు వినిపిస్తుంది. కోరిలేషన్ టేబుల్ వేసి 0.85 పైన ఉన్న జతల్లో ఒకటి తీసెయ్. మిడ్‌ఫీల్డర్లకి నేను వాడేవి ఏడెనిమిది మించవు: పాస్‌ల వాటా, ముందుకు పాస్‌ల భాగం, బాక్స్‌లోకి పాస్‌లు, డ్రిబుల్స్, షాట్లు, టాకిల్స్ ఇంటర్‌సెప్షన్లు కలిపి, ప్రెషర్లు, ఏరియల్స్. గ్రౌండ్‌లో ఎక్కడ ఉంటాడు అన్న కాలమ్ కావాలనే పెట్టను, ఎందుకో కింద చెప్తా.

ఇక చెక్ చెయ్యడం. కే-మీన్స్‌కి ఏ చెత్త ఇచ్చినా అయిదు అడిగితే అయిదు గ్రూప్‌లు ఇస్తుంది, కాబట్టి గ్రూప్‌లు రావడం దానికదే ఏ రుజువూ కాదు. మొదటి చెక్ కాలమ్స్‌ని కలగలపడం. ప్రతి కాలమ్‌లో నంబర్లని ప్లేయర్ల మధ్య అటూఇటూ మార్చెయ్, ఒకడి టాకిల్స్ ఇంకొకడికి, వాడి పాస్‌లు మరొకడికి. ప్రతి కాలమ్ ఆకారం అలాగే ఉంటుంది కానీ మనిషి అనేవాడు మాయమైపోతాడు.

```python
rng = np.random.default_rng(0)
Xs = np.column_stack([rng.permutation(c) for c in X.T])
```

ఇలా ఓ వందసార్లు చేసి ప్రతిసారీ అదే కేతో సిల్హౌట్ తీసి పక్కన పెట్టు. నీ అసలు స్కోర్ ఆ వందలో ఎక్కడో మధ్యలో పడితే ఆ గ్రూప్‌లకి డేటాలో ఆధారం లేదు. వందకీ పైన ఉంటే మంచిదే, స్కోర్ చిన్నదైనా పర్లేదు, మిడ్‌ఫీల్డర్లు ఒకళ్లనుంచి ఒకళ్లు మెల్లగా మారుతూ ఉంటారు, మధ్యలో ఖాళీలు ఉండవు, అందుకే ఈ పనిలో సిల్హౌట్ ఎప్పుడూ చిన్నగానే ఉంటుంది. కానీ ఈ చెక్ పాసైతే సంతోషపడిపోకు, కలగలపడం వల్ల కాలమ్స్ మధ్య సంబంధం పోయింది, కాబట్టి అసలు డేటాలో కాలమ్స్ ఒకదాంతో ఒకటి ముడిపడి ఉంటే చాలు, గ్రూప్‌లు లేకపోయినా ఇందులో గెలుస్తుంది. పొడవాటి దోసకాయ లాంటి మేఘం ఒకటే ఉన్నా కే-మీన్స్ దాన్ని అయిదు చక్రాలుగా కోసి ఇస్తుంది. అది పట్టుకోవాలంటే గ్రూప్ సెంటర్లని ఒక వరసలో పేర్చి చూడు, ఒకటో గ్రూప్ నుంచి అయిదో గ్రూప్ దాకా అన్ని కాలమ్సూ కలిసి మెట్లుమెట్లుగా పెరుగుతూనో తగ్గుతూనో ఉంటే నీ దగ్గరున్నది అయిదు రోల్స్ కాదు, "ఎంత అటాకింగ్" అన్న ఒకే ఒక్క స్కేలు, దాన్ని స్కేలుగానే వాడుకోవడం నయం.

రెండో చెక్, సీజన్‌ని రెండుగా కొయ్యడం. ప్రతి ప్లేయర్ ఆడిన మ్యాచ్‌ల్లో ఒకటి విడిచి ఒకటి అటు, మిగతావి ఇటు. మొదటి సగం, రెండో సగం అని కొయ్యకు, మధ్యలో కోచ్‌లు మారతారు, చెల్సీలో డిసెంబర్‌లో మౌరిన్యో పోయి హిడింక్ వచ్చాడు, అప్పుడు నువ్వు కొలిచేది వేరే విషయం అయిపోతుంది. కోస్తే నిమిషాలు కూడా సగమవుతాయి కాబట్టి ఈ చెక్‌కి 1800 దాటినవాళ్లనే తీసుకో.

```python
sc = StandardScaler().fit(full[cols])
a = KMeans(n_clusters=5, n_init=50, random_state=1).fit(sc.transform(odd[cols]))
b = KMeans(n_clusters=5, n_init=50, random_state=1).fit(sc.transform(even[cols]))
adjusted_rand_score(a.labels_, b.labels_)
```

రెండు టేబుల్స్‌లోనూ ప్లేయర్ల వరస ఒకేలా ఉండాలి, లేకపోతే ఈ నంబర్‌కి అర్థం లేదు. గ్రూప్ నంబర్లు 0, 1, 2 అటూఇటూ మారినా ఇబ్బంది లేదు, ఇది చూసేది ఎవరెవరు కలిసి ఉన్నారు అని మాత్రమే. 1 వస్తే రెండు విభజనలూ ఒకటే, 0 దగ్గరకి వస్తే చీట్లు తీసి పంచినట్టే. కే 3 నుంచి 8 దాకా దీన్ని తీసి ఎక్కడ పడిపోతుందో చూడు, కే ఎంత పెట్టాలి అన్నదానికి ఎల్బో గ్రాఫ్ కంటే నేను దీన్నే నమ్ముతా. అయిదు దగ్గర నిలబడి ఆరు దగ్గర కూలిపోతే ఆ ఆరో గ్రూప్ ఒక సగంలో ఒకలా, ఇంకో సగంలో ఇంకోలా పుడుతోందని అర్థం.

ఇప్పుడు చాలామంది ఆగిపోయే చోటు ఇదే, దయచేసి నువ్వు ఆగొద్దు. నీ పాత గ్రూప్‌లు, అదే కాంటేని కింద టీమ్‌లతో కలిపినవి, ఈ రెండు చెక్‌లూ హాయిగా పాసైపోతాయి! లీసెస్టర్ బేసి మ్యాచ్‌ల్లోనూ బాల్ వదిలేసే ఆడింది, సరి మ్యాచ్‌ల్లోనూ అలాగే ఆడింది, ఆర్సెనల్ రెండిట్లోనూ బాల్ పెట్టుకునే ఆడింది. టీమ్ స్టైల్ అనేది ప్లేయర్ రోల్ కంటే కూడా స్థిరంగా ఉంటుంది. స్థిరంగా ఉంది కాబట్టి రోల్ అనుకోవడం ఈ పనిలో అన్నిటికంటే పెద్ద పొరపాటు, నా లిస్ట్ కూడా అలాగే పాసై కోచ్ దగ్గర ఫెయిలైంది.

అందుకే మూడో చెక్ టీమ్‌ల మీద. `pd.crosstab(df.team, df.cluster)` ఒక్క లైన్. మామూలుగా ఒక టీమ్ మిడ్‌ఫీల్డ్‌లో పనులు పంచుకుంటారు, ఒకడు అడ్డం నిలబడతాడు, ఒకడు బాల్ నడిపిస్తాడు, ఒకడు ముందుకి పోతాడు, కాబట్టి ఒక టీమ్ వాళ్లు రెండు మూడు గ్రూప్‌లకి చెదిరిపోవాలి. లీసెస్టర్ వరసనే తీసుకో, కాంటే పక్కన డ్రింక్‌వాటర్ ఆడేవాడు, కాంటే బాల్ లాక్కోవడం, డ్రింక్‌వాటర్ దాన్ని దూరంగా ముందుకి వెయ్యడం, ఆ సీజన్ చూసినవాళ్లెవరికైనా ఆ తేడా తెలుసు. ఆ ఇద్దరూ ఒకే గ్రూప్‌లో ఉన్నారా? ఉంటే నీ కాలమ్స్ ఇంకా టీమ్‌నే చూస్తున్నాయి. ఆర్సెనల్‌లో కోక్లాన్, ఒజిల్ ఒకే గ్రూప్‌లో పడితే ఇంకా ఘోరం. అదే సర్దిన తర్వాత కాంటే, గుయే కలిసి ఉండి, డ్రింక్‌వాటర్ వేరే గ్రూప్‌కి వెళ్లాడంటే నువ్వు దారిలో పడ్డట్టే. పాత టేబుల్‌కీ కొత్త టేబుల్‌కీ ఈ క్రాస్‌టాబ్ రెండూ పక్కపక్కన పెట్టుకో, గ్రూప్‌కీ టీమ్‌కీ మధ్య `adjusted_mutual_info_score` కూడా తీస్తే ఒక నంబర్‌లో తేడా కనబడుతుంది, కొత్తదాంట్లో అది సున్నా వైపు రావాలి.

దీనికంటే గట్టి రుజువు సీజన్ మధ్యలో టీమ్ మారినవాడు. జాంజో షెల్వీ 2016 జనవరిలో స్వాన్సీ నుంచి న్యూకాజిల్‌కి వెళ్లాడు. స్వాన్సీ పాస్‌ల టీమ్ అని పేరున్నది, న్యూకాజిల్ ఆ ఏడాది దిగిపోయింది. అతన్ని రెండు వరసలుగా పెట్టు, స్వాన్సీ షెల్వీ, న్యూకాజిల్ షెల్వీ, రెండూ ఒకే గ్రూప్‌లో పడ్డాయా, పోనీ ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయి, ఆ దూరం అతనికీ కొత్త టీమ్‌మేట్లకీ మధ్య దూరం కంటే తక్కువేనా? మనిషి ఒకడే, టీమ్ మారింది, కాబట్టి కదిలిందంతా టీమ్‌దే, లేదా కోచ్ అతనికి ఇచ్చిన కొత్త పనిదే. ఒక్కడితో తీర్పు చెప్పలేం కానీ ఇదే ఫ్రీ డేటాలో 2015-16కి స్పెయిన్, ఇటలీ, జర్మనీ, ఫ్రాన్స్ లీగ్‌లు కూడా ఉన్నాయి, అన్నిట్లో జనవరి మార్పులు ఏరితే చూడటానికి సరిపడా మంది దొరుకుతారు.

ఇందాక గ్రౌండ్‌లో స్థానం కావాలనే వదిలేశా అన్నాను కదా, దాన్ని ఇక్కడ వాడతా. క్లస్టరింగ్‌కి చూపించని సమాచారం ఒకటి దాచిపెట్టుకుంటే, తర్వాత దాంతో పరీక్ష పెట్టొచ్చు. బాల్ అందుకున్న చోటు (`Ball Receipt*` ఈవెంట్ల `location`) సగటు తీసి గ్రూప్‌ల వారీగా చూడు, లైనప్‌లో `Center Defensive Midfield`, `Center Attacking Midfield` అని ఉన్న పేర్లు కూడా చూడు. బాల్ లాక్కునేవాళ్ల గ్రూప్ అని నువ్వు పేరు పెట్టినవాళ్లు, అటాకింగ్ గ్రూప్ వాళ్లకంటే వెనక బాల్ అందుకోవాలి, మనం చెప్పకుండానే అది బయటపడాలి. స్థానాన్ని ముందే కాలమ్‌గా పెట్టేసి ఉంటే ఇది పరీక్ష అయ్యేది కాదు, మనం పోసిందే మనకి తిరిగొచ్చేది.

అన్నీ అయ్యాక మనుషులకి చూపించు. పేర్లు పెట్టకుండా ప్రతి గ్రూప్‌కీ సెంటర్‌కి బాగా దగ్గరున్న ఐదుగురి పేర్లు రాసి, ఆ సీజన్ బాగా చూసిన ఫ్రెండ్‌కి ఇచ్చి "వీళ్లలో ఏంటి కామన్" అని అడుగు. నువ్వే చూసుకుంటే ప్రతి గ్రూప్‌కీ ఏదో ఒక కథ దొరుకుతుంది, అది మన మనసు చేసే పని. ఆ ఐదుగురిలో ఒకణ్ణి తీసేసి వేరే గ్రూప్‌వాణ్ణి చేర్చి "ఇందులో తేడాగా ఉన్నది ఎవరు" అని అడిగితే ఇంకా మంచిది, చేర్చినవాణ్ణి గ్రూప్ తర్వాత గ్రూప్‌లో పట్టుకుంటే గ్రూప్‌లకి అర్థం ఉన్నట్టు, పట్టుకోలేని గ్రూప్ ఏదో అదే నీ బలహీనమైన గ్రూప్.

అంచు మీద ఉన్నవాళ్లని మాత్రం వేరుగా రాసుకో. `km.transform(X)` ప్రతి ప్లేయర్‌కీ ప్రతి సెంటర్ నుంచి దూరం ఇస్తుంది, రెండో దగ్గరి దూరాన్ని మొదటి దూరంతో భాగించు, 1.1 లోపు ఉన్నవాడికి గ్రూప్ పేరు తగిలించొద్దు, "ఈ రెండిటి మధ్య" అని రాయి. యాయా టూరే లాంటివాడు అక్కడ పడితే అది తప్పు కాదు, అతని ఆటే అలాంటిది. సర్దిన కాలమ్స్‌తో మళ్లీ రన్ చేసి ఆ క్రాస్‌టాబ్, కాంటే గ్రూప్‌లో ఉన్న పేర్లు ఇక్కడ పెట్టు, లీసెస్టర్ వరస ఎలా వచ్చిందో చూసి అక్కడి నుంచి మాట్లాడుకుందాం.